24తో గుణించాలా, 25తోనా? సగటు లెక్కల్లో కాలు జారే చోటు

ఒక తరగతిలో 24 మంది విద్యార్థులున్నారు. వాళ్ల సగటు వయసు 15 ఏళ్లు. టీచర్ వయసు కూడా కలిపితే సగటు ఒక ఏడాది పెరిగింది. టీచర్ వయసెంత?

తీరిగ్గా కూర్చుంటే ఈ లెక్క చేయలేనివాళ్లు చాలా తక్కువ. గడియారం చూసుకుంటూ చేయమంటే మాత్రం మూడు జవాబులు వస్తాయి. కొందరు 39 అంటారు, కొందరు 40, ఇంకొందరు 41. ప్రశ్న తయారుచేసేవాళ్లకు మనం ఎక్కడ జారతామో బాగా తెలుసు కాబట్టి ఈ మూడూ ఆప్షన్లలో పక్కపక్కనే కూర్చుంటాయి. 39 వేసినవాళ్లు 15కి 24 కలిపారు. 41 వేసినవాళ్లు 16కి 25 కలిపారు. సరైన జవాబు 40. సగటు అంటే ఏమిటో వాళ్లకు తెలియక జరిగిన తప్పు కాదు ఇది. ఎక్కడ నిలబడి ఎంతమందిని లెక్కపెట్టాలి అన్న ఒక్క దగ్గర తడబడ్డారు. ఒకరు గుంపులోకి వచ్చినా, ఒకరు గుంపులోంచి వెళ్లినా, తప్పు దాదాపు ఎప్పుడూ అక్కడే జరుగుతుంది.

ముందు ఎవరూ కాదనలేని దారిలో వెళ్దాం. సగటు ఇచ్చారంటే మొత్తం ఇచ్చినట్టే, మందితో గుణించుకోవడమే మిగిలింది. 24 మంది మొత్తం వయసు 24 × 15 = 360. టీచర్ కలిశాక 25 మంది, సగటు 16, మొత్తం 400. మధ్యలో పెరిగిన 40 ఎక్కడి నుంచి వచ్చింది? కొత్తగా వచ్చింది టీచర్ ఒక్కరే కాబట్టి అది ఆమె వయసే. అనుమానం వచ్చిన ప్రతిసారీ ఈ దారికి తిరిగి రావచ్చు, ఇది ఎప్పుడూ మోసం చేయదు. కాకపోతే 24, 15 బదులు 38, 47.85 లాంటి అంకెలుంటే రెండు పెద్ద గుణకారాలు చేసి ఒకదాన్నుంచి ఒకటి తీసేయాలి. అంత పని చేశాక కూడా లోపల ఏం జరిగిందో కళ్లకు కట్టదు.

లోపల జరిగింది ఒక పంపకం. ఇలా ఊహించండి. టీచర్ సరిగ్గా 15 ఏళ్లతో వచ్చిందనుకుందాం. అప్పుడు సగటు కదలదు, 15 దగ్గరే ఉంటుంది. ఆ 15 పైన ఆమె తెచ్చిన ప్రతి ఏడాదీ అందరికీ సమానంగా పంచుతున్నట్టు లెక్క. సగటు 16 అయిందంటే ఒక్కొక్కరికీ ఒక్కో ఏడాది దక్కింది. ఎంతమందికి? 24 మంది పిల్లలకు 24, టీచర్ తనకు తాను ఉంచుకున్నది 1, మొత్తం 25. కాబట్టి ఆమె వయసు 15 + 25 = 40.

ఆ "తనకు తాను ఉంచుకున్నది" దగ్గరే అందరూ జారేది. ఒకసారి ఒక కుర్రాడు రఫ్ వర్క్‌లో 15 + 24 అని రాసి 39 గుర్తు పెట్టాడు. "పిల్లలందరికీ ఒక్కో ఏడాది పెరిగింది, సరే. మరి టీచర్‌కి 15 నుంచి 16 దాకా పెరగడానికి కావలసిన ఆ ఒక్క ఏడాది ఎవరిచ్చారు?" అని అడిగాను. కాసేపు కాగితం వైపే చూశాడు. "ఎవరూ ఇవ్వలేదు సార్, ఆమే తెచ్చుకోవాలి" అని 24 కొట్టేసి 25 రాశాడు. ఆ తర్వాత అతనికి ఫార్ములా చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇదే లెక్కని రెండోవైపు నుంచి కూడా చూడొచ్చు. కొత్త సగటు 16 దగ్గర నిలబడండి. టీచర్ తన కోసం 16 ఉంచుకుంది. పాత 24 మంది ఒక్కొక్కరూ 16కి చేరడానికి ఒక్కో ఏడాది తక్కువ పడుతున్నారు. ఆ 24 కూడా ఆమే తెచ్చింది. 16 + 24 = 40. ఇక్కడ మాత్రం 24తోనే గుణించాలి, ఎందుకంటే టీచర్ వాటా 16లోనే వచ్చేసింది, మళ్లీ లెక్కపెడితే రెండుసార్లు ఇచ్చినట్టవుతుంది. 41 వేసినవాళ్లు చేసింది సరిగ్గా అదే.

కాబట్టి "24తోనా, 25తోనా" అన్న ప్రశ్నకు జవాబు మీరు ఏ సగటుతో మొదలుపెట్టారన్న దానిమీద ఆధారపడుతుంది. చిన్న గుంపు సగటుతో మొదలుపెడితే పెద్ద గుంపు మందితో గుణించాలి. పెద్ద గుంపు సగటుతో మొదలుపెడితే చిన్న గుంపు మందితో గుణించాలి. ఎప్పుడూ అడ్డంగా దాటాలి. రెండూ ఒకే గుంపువి తీసుకున్నారంటే జవాబు తేడా పడుతుంది, అది కూడా సరిగ్గా ఒక్క మనిషి వాటా అంత. సగటు ఒకటి మారినప్పుడు ఒకటి తేడా, 2.5 మారినప్పుడు 2.5 తేడా. ఆప్షన్లలో జవాబులు అంత దూరంలో కనబడితే జాగ్రత్తపడాలి.

నేను కావాలనే "పాత", "కొత్త" అనకుండా "చిన్న", "పెద్ద" అన్నాను. దానికి కారణం ఉంది. ఒకరు గుంపు వదిలి వెళ్లిపోయే లెక్కల్లో పాత గుంపే పెద్దది. "పాత సగటుకి కొత్త మందితో గుణించి కలపాలి" అని బట్టీ పట్టినవాళ్లు అక్కడికి రాగానే కొత్త ఫార్ములా కోసం వెతుక్కుంటారు. నిజానికి వెతకాల్సిందేమీ లేదు. ఒకరు వెళ్లిపోవడమంటే, ఒకరు రావడాన్ని వెనక్కి తిప్పి చూడటమే. వచ్చారా వెళ్లారా అన్నది కథ. లెక్కకు కావలసింది ఆ మనిషి ఉన్న గుంపు ఏది, లేని గుంపు ఏది అన్నది మాత్రమే. ఉన్నది పెద్దది, లేనిది చిన్నది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక శిక్షణ బృందంలో 20 మంది, సగటు బరువు 62 కిలోలు. ఒకరు మానేశారు. మిగిలినవాళ్ల సగటు 61.5 కిలోలకు తగ్గింది. మానేసిన వ్యక్తి బరువెంత? పెద్ద గుంపు 20 మందిది, సగటు 62. చిన్న గుంపు 19 మందిది, సగటు 61.5. పెద్ద గుంపు సగటుతో మొదలుపెట్టాను కాబట్టి చిన్న గుంపు మందితో గుణిస్తాను: 62 + 19 × 0.5 = 62 + 9.5 = 71.5 కిలోలు. పంపకం భాషలో చెప్పాలంటే, ఆ వ్యక్తి వెళ్తూ తన వాటా 62 తీసుకెళ్లాడు. దాంతోపాటు మిగిలిన 19 మంది దగ్గర్నుంచి అరకిలో చొప్పున వెనక్కి తీసుకున్నాడు, ఎందుకంటే ఇన్నాళ్లూ వాళ్ల సగటుని ఆ మేరకు పైకి లేపి ఉంచింది అతనే. మొత్తాలతో సరిచూస్తే 1240లోంచి 1168.5 తీసేస్తే 71.5. సరిపోయింది.

ఇక్కడ కలపాలా తీసేయాలా అన్న అనుమానం చాలామందికి వస్తుంది. సగటు తగ్గిందనగానే చెయ్యి తీసివేత వైపు వెళ్తుంది. దానికి లెక్క కూడా అక్కర్లేదు, ఒక్క క్షణం ఆలోచిస్తే చాలు. ఒకరు వెళ్లాక సగటు పడిపోయిందంటే ఆ వెళ్లినవాళ్లు సగటు కంటే బరువైనవాళ్లే అయి ఉండాలి. అంటే జవాబు రెండు సగటుల కంటే పైన ఉండాలి. ఒకరు వచ్చాక సగటు పడిపోయిందంటే వచ్చినవాళ్లు రెండు సగటుల కంటే కింద ఉండాలి. జవాబు ఎప్పుడూ ఆ రెండు సగటుల మధ్యలో పడదు. మధ్యలో పడితే ఎక్కడో తప్పు చేశారని అప్పటికప్పుడే తెలిసిపోతుంది.

తగ్గుదల ఉదాహరణ ఒకటి త్వరగా చూసేద్దాం. 24 మంది సగటు 48 కిలోలు. ఇంకొకరు చేరితే సగటు 0.4 కిలో తగ్గింది. చిన్న గుంపు సగటు 48, పెద్ద గుంపు మంది 25, 25 × 0.4 = 10. కొత్తవ్యక్తి బరువు 48 − 10 = 38 కిలోలు. తను చేరడం వల్ల తన లోటుని అందరూ తలో కాస్త భరించారన్నమాట. ఏళ్లూ నెలలూ కలిసి ఉన్న లెక్కలూ ఇంతే, తేడాని ముందు నెలల్లో పెట్టుకుంటే చాలు. 29 మంది సగటు వయసు 15 ఏళ్ల 3 నెలలు, ఒకరు చేరాక 3 నెలలు పెరిగిందంటే, 30 × 3 = 90 నెలలు, అంటే ఏడున్నరేళ్లు. వచ్చినవాళ్ల వయసు 22 ఏళ్ల 9 నెలలు. ఇలాంటి చోట మొత్తాల దారిలో వెళ్తే 29ని 15 ఏళ్ల 3 నెలలతో గుణించాలి. పంపకం దారిలో చేయాల్సిన గుణకారం 30 × 3 ఒక్కటే.

ఒకరు వెళ్లి వాళ్ల స్థానంలో ఇంకొకరు వస్తే మంది మారదు, కాబట్టి చిన్న పెద్ద గొడవే లేదు. అక్కడ జారే చోటు వేరే. 8 మంది బృందంలో 65 కిలోల వ్యక్తి వెళ్లి మరొకరు వస్తే సగటు 1.5 కిలోలు పెరిగింది. మొత్తం 8 × 1.5 = 12 కిలోలు పెరిగింది. కొత్తవ్యక్తి 65 + 12 = 77 కిలోలు. కలపాల్సింది వెళ్లిన మనిషి బరువుకి, సగటుకి కాదు. అసలు సగటు ఎంతో ప్రశ్నలో చెప్పనే లేదు, చెప్పినా మనకు అక్కర్లేదు. కొన్ని ప్రశ్నల్లో కావాలనే సగటు కూడా ఇస్తారు, అలవాటు కొద్దీ దానికి కలిపేస్తామని.

ఒకరు కాక ఒకేసారి నలుగురైదుగురు చేరితే? పంపకం అలాగే ఉంటుంది, పంచేవాళ్లే ఎక్కువయ్యారు. 30 మంది సగటు 40, కొత్తగా 6 మంది చేరాక సగటు 42. 36 మందికీ తలో 2 దక్కింది, అంటే 72. ఆ 72ని ఆరుగురూ కలిసి తెచ్చారు, తలా 12 చొప్పున. కాబట్టి వాళ్ల సగటు 40 + 12 = 52. వాళ్లలో ఎవరిది ఎంతో మాత్రం ఈ లెక్క చెప్పలేదు. ఒక్కరే వస్తేనే, లేదా ఒక్కరే వెళ్తేనే, విలువ నేరుగా బయటపడుతుంది. ఒక చిన్న బృందం సగటు మార్కులు 10 మందికి 64 అని, ఒకరు వెళ్లిపోయాక 62 అని బయటికి చెప్పారనుకోండి. ఎవరి మార్కులూ చెప్పలేదు కదా అనిపిస్తుంది, కానీ వెళ్లినవాళ్లకు 64 + 9 × 2 = 82 వచ్చాయని ఎవరైనా లెక్కేసుకోవచ్చు. ఒక్క సగటు మనిషిని దాస్తుంది. ఒక్క మనిషి తేడాతో రెండు సగటులు పక్కపక్కన పెడితే ఆ మనిషిని పట్టిచ్చేస్తాయి.

వయసుల లెక్కల్లో ఇంకో చిక్కుంది. కాలం నడుస్తుంది. 4 ఏళ్ల క్రితం ఒక కుటుంబంలో నలుగురి సగటు వయసు 24 ఏళ్లు. ఆ తర్వాత ఒక బిడ్డ పుట్టింది. ఇప్పుడు అయిదుగురి సగటు 23. బిడ్డ వయసెంత? 24కీ 23కీ తేడా 1, అయిదుగురు కాబట్టి 5, 24 − 5 = 19 అని వేసేస్తారు. ఒక్కసారి ఆ జవాబు వైపు చూడండి. గడిచిన 4 ఏళ్లలో పుట్టిన బిడ్డకు 19 ఏళ్లెలా ఉంటాయి? రెండు సగటులూ వేర్వేరు రోజులవి, వాటి మధ్య తేడా తీయడమే తప్పు. ముందు ఆ నలుగురినీ ఈరోజుకి తీసుకురావాలి. ప్రతి ఒక్కరికీ 4 ఏళ్లు పెరిగాయి, కాబట్టి వాళ్ల ఇప్పటి సగటు 28. ఇప్పుడు 28 నుంచి 23కి, తేడా 5, అయిదుగురికి 25. బిడ్డ వయసు 28 − 25 = 3 ఏళ్లు. పంపకం మొదలుపెట్టేముందు రెండు సగటులూ ఒకే రోజువేనా అని చూసుకుంటే ఈ రకం లెక్కల్లో ఇంకేమీ మిగలదు.

ఇక క్రికెట్. ఇక్కడ ప్రశ్న తరచూ తిరగేసి అడుగుతారు. ఒక బ్యాటర్ 21వ ఇన్నింగ్స్‌లో 98 పరుగులు చేశాడు, దాంతో సగటు 3 పెరిగింది, ఇప్పుడు సగటెంత? వచ్చిన విలువ తెలుసు, సగటులే తెలియవు. పంపకం అదే: 21 ఇన్నింగ్స్‌కీ తలో 3, మొత్తం 63. 98లోంచి 63 తీసేస్తే 35, అది పాత సగటు. కొత్తది 38. ఇందులో ప్రశ్న పైకి చెప్పని షరతు ఒకటుంది. క్రికెట్‌లో బ్యాటింగ్ సగటుని ఇన్నింగ్స్‌తో భాగించరు, ఔటైన సార్లతో భాగిస్తారు. ఆ 98 నాటౌట్ అయితే పరుగులు కలుస్తాయి కానీ భాగించే సంఖ్య పెరగదు, అంటే గుంపులోకి ఎవరూ రానట్టే. 20 సార్లు ఔటై 700 పరుగులు చేసినవాడు 98 నాటౌట్ చేస్తే సగటు 798ని 20తో భాగించి 39.9 అవుతుంది. పుస్తకాల్లోని లెక్కలు ప్రతిసారీ ఔటయ్యాడనే అనుకుంటాయి.

క్రికెట్ చరిత్రలో అందరికీ గుర్తుండిపోయిన సగటు డాన్ బ్రాడ్‌మన్‌ది, టెస్టుల్లో 99.94. 1948 ఆగస్టులో ఓవల్ మైదానంలో ఆయన తన చివరి ఇన్నింగ్స్‌కి దిగేటప్పటికి 6996 పరుగులు చేసి 69 సార్లు ఔటయ్యారు. సగటు 101.39. ఆ ఇన్నింగ్స్‌లో 4 పరుగులు చేసి ఔటైనా 7000ని 70తో భాగిస్తే సరిగ్గా 100 వచ్చేది. ఎరిక్ హోలీస్ వేసిన రెండో బంతికే సున్నాకి బౌల్డ్ అయ్యారు.

ఇప్పుడు ఆ సున్నా మనకు తెలియదనుకుందాం. 101.39 నుంచి 99.94కి పడిందని, మొత్తం 70 సార్లు ఔటయ్యారని మాత్రమే తెలుసు. చివరి ఇన్నింగ్స్‌లో ఎన్ని పరుగులు చేశారో మన లెక్కతో పట్టుకోవచ్చా? తేడా 1.45. పెద్ద గుంపు 70 కాబట్టి 70 × 1.45 = 101.5. 101.39 − 101.5 = మైనస్ 0.11. మైనస్ పరుగులు ఎవరూ చేయలేరు. పద్ధతిలో తప్పేమీ లేదు, ఇచ్చిన సగటుల్లోనే ఉంది చిక్కు. అసలు విలువలు 101.3913..., 99.9428..., వాటిని రెండు దశాంశాలకు సవరించి రాశారు. ఆ చిన్న సవరణని మనం 70తో గుణించాం, అది కూడా పెరిగి పెద్దదైంది.

ఎంత పెద్దదవుతుందో ముందే లెక్క కట్టొచ్చు. రెండు దశాంశాలకు సవరించిన సగటులో గరిష్ఠంగా 0.005 తేడా ఉండొచ్చు. మనం వెతుకుతున్న విలువ అంటే 70 × కొత్త సగటు లోంచి 69 × పాత సగటు తీసేయడమే కదా. రెండు తప్పులూ ఒకేవైపు లాగితే 70 + 69 = 139 రెట్లు అవుతుంది, 139 × 0.005 = 0.695. అంటే అసలు జవాబు మైనస్ 0.11కి అటూ ఇటూ 0.695 లోపల, అంటే మైనస్ 0.805 నుంచి 0.585 మధ్యలో ఎక్కడో ఉంది. పరుగులు పూర్ణసంఖ్యలు. ఆ మధ్యలో ఉన్న పూర్ణసంఖ్య ఒక్కటే, సున్నా. దొరికింది.

అదే సగటుల్ని ఒక దశాంశానికే రాసి ఉంటే? 101.4, 99.9 అవుతాయి. 70 × 99.9 = 6993. 69 × 101.4 = 6996.6. తేడా మైనస్ 3.6. ఇప్పుడు ఒక్కో సగటులో తప్పు 0.05 దాకా ఉండొచ్చు, 139తో గుణిస్తే 6.95. అసలు జవాబు మైనస్ 10.55 నుంచి 3.35 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు. మైనస్‌లు తీసేసినా 0, 1, 2, 3 నాలుగూ మిగులుతాయి, వాటిలో ఏది అన్నది ఈ సగటులు చెప్పలేవు. గుంపు పెద్దదయ్యేకొద్దీ ఒక్క మనిషి సగటుని కదిపేది తక్కువ, ఆ కదలికని మనం గుణించాల్సింది ఎక్కువ. అందుకే వందల మంది ఉన్న గుంపులో సగటుని ఒకే దశాంశానికి ఇచ్చి ఒక్కరి విలువ అడిగితే, ఇచ్చిన సగటులు కచ్చితమైనవా, సవరించినవా అన్నది ముందు తేల్చుకోవాలి. పరీక్ష ప్రశ్నల్లో అవి కచ్చితమైనవే అనుకుని చేయాలి. పేపర్లో చూసిన సగటులతో లెక్క వేస్తున్నప్పుడు మాత్రం జవాబు ఒక్క సంఖ్యగా కాక ఒక హద్దు నుంచి ఇంకో హద్దు దాకా వస్తుంది, బ్రాడ్‌మన్ లెక్కలో ఇప్పుడే చూసినట్టు.